గోడ మీద నూనె మరక: మిద్దె ఇంట్లో ఆడవాళ్ల చోటు

(కడపలో ఒక సాయంకాలం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి. కుర్చీలు చాలలేదు కానీ ఇక్కడ నేల మీద చోటుంది. నేల మీద కూర్చోవడం గురించే ఈ రోజు చాలాసేపు మాట్లాడతాను, కాబట్టి కింద కూర్చున్నవాళ్లకే నా మాటలు ముందు అర్థమవుతాయి.

పాత ఇళ్లను కొలిచి కాగితం మీదకు ఎక్కించడం నా పని. చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఆ కాగితాలు చూస్తే తలవాకిలి చెక్కడం ఉంటుంది, స్తంభాలు ఉంటాయి, దూలాల లెక్క ఉంటుంది. వంటిల్లు మాత్రం ఒక చతురస్రం, మధ్యలో 'వంటిల్లు' అన్న మాట. అంతే. నేను గీసిన కాగితాలు కూడా అలాగే ఉండేవి. ఆ చతురస్రంలో రోజుకు ఏడెనిమిది గంటలు గడిపిన మనిషి ఎక్కడ కూర్చుంది? ఎటు చూసింది? ఆమెకు ఏం వినిపించింది? కాగితం చెప్పదు. మరి ఎవరు చెబుతారు? గోడ చెబుతుంది, నేల చెబుతుంది. ఈ రోజు ఒకే ఒక ఇంటిని తీసుకుని, అందులో మూడు గుర్తులు ఎలా చదివామో చెబుతాను.

ఆ ఇల్లు జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో ఉంది. వ్యవసాయదారుల ఇల్లు, మిద్దె. మిద్దె అంటే మీకు చెప్పనక్కరలేదు. అయినా రికార్డు చేస్తున్నారు కాబట్టి చెబుతాను. మందమైన రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద బండలు, ఆపైన మట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడు ఎందుకు? అందులో ఉప్పు ఉంటుంది. తడి తగలగానే ఆ మట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి, నీళ్లు కిందికి దిగవు. కోస్తాలో వానలు ఎక్కువ, పెంకుటిల్లు కావాలి, కప్పు వాలుగా ఉండాలి, ఇంటి మధ్య మండువా తెరిచి ఉంటుంది. మన వైపు వాన తక్కువ, ఎండ ఎక్కువ. చదునైన మట్టి కప్పు చాలు. మండువా అంత పెద్ద తెరపి పెడితే ఆ ఎండను భరించలేం. తొట్టి కట్టిన పెద్ద మిద్దెలు మనకూ ఉన్నాయి, కాదనను. కానీ మామూలు ఇంట్లో ఆ తెరపి చిన్నదై, చిన్నదై, కప్పులో ఒక అడుగు వెడల్పు కన్నంగా మిగిలింది. గవాక్షి. ఇరుపక్కలా పొరుగిళ్లతో గోడ కలిసి ఉంటుంది, కిటికీకి చోటు లేదు. లోపలి గదులకు వెలుగైనా, గాలైనా, పొగ పోవడానికైనా దారి ఆ కన్నమే.

ఇప్పుడు ఇంట్లోకి వెళదాం. వీధిలో అరుగు. తలవాకిలి దాటితే పడసాల, మూడు అంకణాలు. అంకణం అంటే రెండు దూలాల నడుమ చోటు. పడసాలకు ఒక పక్క, ఒక మెట్టు కింద, ఎద్దుల కొట్టం. పడసాల వెనక నట్టిల్లు. నట్టింటి వెనక వంటిల్లు, ఒకటే అంకణం. వంటింటి మూల జాలారి, దాని పక్కన దొడ్డి వాకిలి. వాకిళ్లన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. వీధిలో నిలబడితే తలవాకిలి నుంచి దొడ్డి దాకా చూపు సూటిగా పోతుంది. కానీ పొయ్యి ఆ చూపుకు అందదు. అది పక్కకు, మూలకు ఉంది. ఇంటి నడుమ అంత సూటిగా గీత గీసిన మేస్త్రి, పొయ్యిని మాత్రం ఆ గీత నుంచి తప్పించాడు.

మొదటి గుర్తు నూనె మరక. పడసాల నుంచి నట్టింట్లోకి వెళ్లే వాకిలి ఉంది కదా, దానికి నట్టింటి వైపు, ద్వారబంధం నుంచి ఒక అడుగు దూరంలో, గోడ మీద జానెడు వెడల్పున నల్లటి మరక. నేల నుంచి కొలిస్తే రెండుంపావు అడుగులు. మొదట చూసినప్పుడు దీపం పెట్టిన చోటేమో అనుకున్నాను. దీపమైతే పైకి పొడవుగా మసి ఉండాలి, పైన గూడు ఉండాలి. ఇక్కడ రెండూ లేవు. మరక గుండ్రంగా, నున్నగా ఉంది. సున్నం అక్కడ మాత్రమే పొరలు పొరలుగా లేచిపోయింది. ఎందుకు? నూనె పట్టిన గోడకు సున్నం అంటుకోదు. ఏటా పండక్కి సున్నం కొట్టారు, ఏటా అక్కడే రాలింది. అంటే ఏళ్ల తరబడి నూనె రాసిన తల ఆ చోటే ఆనింది.

ఎవరి తల? నేల మీద కూర్చున్న ఆడమనిషి తల వెనక భాగం ఎంత ఎత్తున ఉంటుందో మీరే కొలిచి చూడండి. ఐదడుగుల మనిషికి రెండుంపావు అడుగులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పడుకున్న మనిషి మరక జానెడు ఎత్తు కూడా దాటదు. పిల్లల మరక ఒక చోట స్థిరంగా ఉండదు, పిల్లలు ఎదుగుతారు. పడసాలలో స్తంభాలకూ మరకలున్నాయి, అవి మగవాళ్లవి. అవి రెండు అంగుళాలు ఎత్తులో ఉన్నాయి, పైగా వెలుగులో, వీధికి ఎదురుగా ఉన్నాయి. ఇది చీకట్లో ఉంది. అయినా నేను తేల్చి చెప్పలేదు. ఆ ఇంటి పెద్దావిడ అక్కడే ఉన్నారు, ఎనభై దాటిన మనిషి. "అవ్వా, సాయంత్రంపూట మీరు ఎక్కడ కూర్చునేవారు?" అని అడిగాను. ఆవిడ మాట చెప్పలేదు. నడిచివెళ్లి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఆ గోడకు ఆనుకుని కూర్చున్నారు. తల మరక మీద ఆనింది.

"అక్కడి నుంచి ఏం కనపడేది అవ్వా?" అన్నాను.

"అందరూ కనపడేవాళ్లమ్మా. నేను కనపడేదాన్ని కాదు" అన్నారు.

ఈ మాట దగ్గర కాసేపు ఆగుదాం. నేను పక్కన కూర్చుని చూశాను. పడసాల వెలుగులో ఉంది. అక్కడ కూర్చుని భూమి బేరం మాట్లాడే మనుషులు, వాళ్ల చేతులు, వాళ్ల ముఖాలు, అన్నీ కనపడతాయి. వాళ్ల వైపు నుంచి చూస్తే నట్టిల్లు ఒక నల్లటి తలుపు మాత్రమే. వెలుగులో ఉన్న కళ్లకు చీకటిలోనిది కనపడదు. కర్నూలు, కడప పాతబస్తీల్లో ముస్లిం ఇళ్ల పరదా పనిచేసేదీ ఈ సూత్రం మీదే. తెర లోపలి వైపు చీకటిగా ఉంటేనే తెర తెరలా పనిచేస్తుంది, లోపల దీపం పెడితే అవతలికి నీడ తెలుస్తుంది. మన నట్టింట్లో గుడ్డ లేదు. చీకటే పరదా.

నట్టింటి చీకటిని మనం ఎప్పుడూ లోపంగానే రాస్తాం. కిటికీ లేదు, గాలి లేదు, ఆడవాళ్లను చీకట్లో ఉంచారు అని. అది అబద్ధం కాదు. ఆ బేరంలో ఆవిడకు మాట లేదు, ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చిన పొలం కూడా ఆ పడసాలలోనే అమ్మారు. కానీ ఆ బేరం ప్రతి మాటా ఆవిడకు తెలుసు. ఎంతకు అమ్మారు, ఎవరు మధ్యవర్తి, ఎవరు ముందు తగ్గారు, అన్నీ నాకు చెప్పారు. రాత్రి అన్నం పెట్టేటప్పుడు ఆవిడ ఏం అడగాలో, ఎవరి దగ్గర అడగాలో ఆ గోడ దగ్గరే తేల్చుకునేవారు. ఈ చోటును చెర అనాలా, పీఠం అనాలా? నేను రెండూ అనను. మాట లేని వినికిడి అది. ఇల్లు ఆవిడకు ఇచ్చింది అంతవరకే, ఆవిడ దాన్ని చివరి అంగుళం దాకా వాడుకున్నారు.

ఇంకొక సంగతి. ఆ మరక ఆవిడ ఒక్కరిది కాదు. ఆవిడ అత్తగారు కూడా అక్కడే కూర్చునేవారట. అత్తగారు బతికున్నన్నాళ్లూ ఈవిడకు ఆ చోటు దక్కలేదు, వంటింటి గడప దగ్గరే ఉండేవారు. అంటే లోపలి చోటు అంతా ఆడవాళ్లది అన్నా, అందులో ఎవరిది ఏ గోడ అన్న లెక్క వేరే ఉంది. మధ్యాహ్నం మగవాళ్లు పొలంలో ఉన్నప్పుడు పడసాల కూడా ఆడవాళ్లదే అయ్యేది, మంచం వాల్చుకుని పడుకునేవారు. ఎద్దుల గంటలు వినపడగానే లేచి లోపలికి. కాబట్టి ఇంటి కాగితం గీసేటప్పుడు గదిపేరు పక్కన వేళ కూడా రాయాలని నేను పట్టుబడతాను.

రెండో గుర్తు మసి గీత. ఇది వంటింట్లో. పొయ్యి మూల గోడ చూడండి. పైన అంతా నల్లగా, కింద మట్టిరంగు. రెంటికీ నడుమ ఒక గీత, దాదాపు సమంగా, గది చుట్టూ తిరుగుతుంది. ఆ ఇంట్లో నాలుగడుగుల ఎత్తున ఉంది. ఏమిటది? పొయ్యి మండినప్పుడు వేడి పొగ నేరుగా కప్పుకు పోతుంది. కప్పు కింద పరుచుకుంటుంది. గవాక్షి నుంచి కొంత బయటికి పోతుంది, పోగా మిగిలింది మెల్లగా కిందికి దిగుతుంది. ఎంతవరకు దిగిందో ఆ గీత చెబుతుంది. గవాక్షి పొయ్యికి నేరుగా పైన ఉండదు, గమనించారా? నేరుగా ఉంటే వానచినుకు పొయ్యిలో పడుతుంది. కాస్త పక్కకు పెడతారు. ఆ పక్కకు పెట్టినంత మేర పొగ గదిలో ప్రయాణం చేస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. పీట మీద కూర్చున్న మనిషి తల మూడడుగుల లోపే. గీత నాలుగడుగుల దగ్గర. కూర్చున్నంతసేపూ ఆవిడ దట్టమైన పొగ కింద ఉంది. లేచి నిలబడిందా, తల సరిగ్గా పొగలో ఉంది. అందుకే పాత వంటింట్లో కావలసినవన్నీ కూర్చున్నచోటి నుంచే చేతికి అందేలా ఉండేవి. ఉప్పు గూడు, పోపుల డబ్బా గూడు, నీళ్ల కుండ కుదురు, నేలలో పాతిన రోలు. కొలిచాను, పొయ్యి ముందు పీట వేస్తే అన్నీ మూడడుగుల చుట్టులోనే. అందం కోసం అలా పెట్టలేదు. పొగలో లేవనవసరం లేకుండా పెట్టుకున్నారు. కింద పొగ ఉండదని నేను అనడం లేదు. సన్నని పొగ గది అంతటా ఉంటుంది, దానితోనే ఊపిరితిత్తులు పాడవుతాయి, కళ్లకు శుక్లాలు వస్తాయి. ఇక వానకాలం గవాక్షి మీద బండ మూసేసి, తడిసిన కందికంప పొయ్యిలో పెడితే? పొగ నేల దాకా దిగుతుంది. ఆ ఇంట్లో నాలుగడుగుల గీత కింద, రెండడుగుల దగ్గర ఇంకొక పలుచటి గీత ఉంది. అది వానలనాటిది. అవ్వ దాన్ని చూపించి, "ఆ రోజుల్లో తలుపు దగ్గరికి పాకి వచ్చి ఊపిరి పీల్చుకుని మళ్లీ వెళ్లేదాన్ని" అన్నారు.

వంటింటి గురించి చెబుతూ దొడ్డి వాకిలి వదిలేస్తే సగం మాట దాచినట్టే. ఆ వాకిలికి బయటి వైపు రెండో రోలు ఉంది. లోపలి రోలు ఇంటి ఆడవాళ్లది, బయటి రోలు కూలికి వచ్చి జొన్నలు దంచిపెట్టే ఆడవాళ్లది. గడప లోపలికి వాళ్లు రాకూడదు. దాహమడిగితే లోపలినుంచి చెంబు ఎత్తి దోసిట్లో పోసేవారు. బయట చేరిన మూడు రోజులూ ఇంటి కోడలు కూడా ఆ దొడ్డి పంచలోనే, ఆ గడపకు అవతలే ఉండేది. మూడు రోజుల తర్వాత ఆమె స్నానం చేసి లోపలికి వచ్చేది. కూలికి వచ్చినామెకు నాలుగో రోజు లేదు. మనం 'ఆడవాళ్ల చోటు' అని ఏకవచనంలో మాట్లాడుతున్నాం. ఆ దంచినామె సొంత ఇల్లు ఒకే గది బోద కొట్టం. అందులో లోపల, బయట అని రెండు లేవు. చాటుగా ఉండటానికి నట్టిల్లు కావాలి, నట్టింటికి ఆస్తి కావాలి.

ఇక మూడో గుర్తు. ఇది ఇప్పటిది. అవ్వ మనవడి పెళ్లికి ముందు వంటిల్లు మార్చారు. పొయ్యి తీసేశారు, గట్టు కట్టారు. మన ఊళ్లలో ఈ మార్పు గ్యాసుతో వచ్చింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల పథకం. పొగ పోయింది, అది చిన్న మేలు కాదు. కానీ గ్యాసు పొయ్యితో పాటు గట్టు కూడా తప్పనిసరి అన్నట్టు వచ్చింది. గట్టు దేనితో కట్టారు? మన కడప రాయితో. ఇది నాకు ఎప్పుడూ గుర్తుకొస్తుంది. ఈ జిల్లా నల్ల బండ దేశమంతటా వంటింటి గట్టుగా వెళ్లింది, ఊరుపేరుతోనే దాన్ని పిలుస్తారు. మన ఇళ్లలో ఆ బండ ముందు నేల మీద ఉండేది, దాని మీద ఆవిడ కూర్చునేది. ఇప్పుడు అదే బండ లేచి ఆవిడ నడుము దగ్గరికి వచ్చింది.

ఎంత ఎత్తున పెట్టారు? ముప్పై రెండు అంగుళాలు. ఎవరు చెప్పారు ఆ కొలత? మేస్త్రీని అడిగాను. "అందరికీ అదే పెడతామమ్మా" అన్నాడు. కూరలు తరగడానికి, చపాతీ వత్తడానికి ఆ ఎత్తు బాగానే ఉంటుంది. కానీ మన ఇంట్లో రోజూ చేసేది ఏమిటి? సంగటి. ముందు వరుసలో అమ్మలు నవ్వుతున్నారు, వాళ్లకు తెలిసిపోయింది. సంగటి కెలకాలంటే పైనుంచి కిందికి ఒంటి బరువంతా తెడ్డు మీద వేయాలి. కుండను కుదురు మీద పెట్టి, పాదాలతో అదిమి పట్టి, భుజం నుంచి తిప్పాలి. ఇప్పుడు కూడండి. గట్టు ముప్పై రెండు అంగుళాలు, దాని మీద పొయ్యి ఆరు, దాని మీద కుండ పది. మొత్తం నలభై ఎనిమిది అంగుళాలు, నాలుగడుగులు. ఐదడుగుల ఆడమనిషి భుజం దాదాపు అక్కడే ఉంటుంది. భుజం ఎత్తున ఉన్న కుండలో తెడ్డును కిందికి ఎలా నొక్కుతుంది? నొక్కలేదు. మణికట్టుతో తిప్పాలి, పిండి ఉండలు కడుతుంది, రెండు నెలలకు భుజం పడుతుంది.

ఆ ఇంటి కోడలు ఏం చేసిందో చూడండి. సంగటి రోజున కుండ దించి నేల మీద పెట్టింది. కానీ నేల ఇప్పుడు పాత నేల కాదు, నున్నటి పాలిష్ బండ. కుండ జారుతుంది. గట్టు కింద అరలు వచ్చాయి, కాళ్లు చాపడానికి చోటు లేదు. ఆమె వంటింటి నుంచి వచ్చి, నట్టింట్లో, గోనెపట్టా వేసి, వేడి కుండ పెట్టి కెలికేది. నేను చూసిన మూడో గుర్తు అదే: నట్టింటి నేల మీద, పాత నూనె మరకకు రెండడుగుల దూరంలో, గోనెపట్టా కాలిన గుండ్రటి మచ్చ.

"గట్టు తీసేయండి" అని మాత్రం నేను చెప్పను. మోకాళ్ల నొప్పులున్న అవ్వకు నేల మీద పొయ్యి వద్దు. గ్యాసు కావాలి, నిలబడి చేసే పని నిలబడే చేయాలి. కానీ గట్టు ఒకే ఎత్తులో ఎందుకుండాలి? నిలబడి బరువు వేసి కెలకాలంటే కుండ అంచు మోచేతికి ఎనిమిది, పది అంగుళాల కిందుండాలి. ఐదడుగుల మనిషి మోచేయి ముప్పై ఎనిమిది అంగుళాల దగ్గర ఉంటుంది. అంటే కుండ అంచు ఇరవై ఎనిమిది దగ్గర, కుండ పది తీసేస్తే, బండ పద్దెనిమిది అంగుళాల ఎత్తున ఉండాలి. ఇదంతా కాగితం మీద వేసి కోడలికి చూపించాను. ఆమె చూసి, పద్దెనిమిది కూడా ఎక్కువే అంది. తన ఎత్తు ఐదడుగుల లోపు. కుండను నేల మీద పెట్టి, దాని కింద ఒకదాని మీద ఒకటి ఇటుకలు పేర్చుకుంటూ, ప్రతిసారీ తెడ్డు తిప్పి చూసుకుంది. పదహారు దగ్గర ఆగింది. గట్టు కట్టగా మిగిలిన ముక్క దొడ్లో పడి ఉంటే, మేస్త్రీని పిలిపించి, జాలారి పక్కన పదహారు అంగుళాల ఎత్తున వేయించింది. పైన గరుకుగా ఉండాలని, పాలిష్ లేని వైపు పైకి పెట్టించింది. కుండ జారకుండా చుట్టూ గాడి కొట్టించింది. గాడి మాట నాకు తోచలేదు, అది ఆమెదే.

పోయిన నెల వెళ్లాను. ఇంటికి సున్నం వేస్తున్నారు. నూనె మరక దగ్గర సున్నం మళ్లీ నిలవడం లేదని, ఈసారి గోడ చెక్కి రంగు వేయాలని పెయింటరు అంటున్నాడు. చెక్కేముందు కొలిచి, ఫోటో తీసి, గోడ మీద దాని చోటు కాగితంలో గుర్తు పెట్టాను. ఆ కాగితాలు ఈ బల్ల మీద ఉన్నాయి, మీరు వచ్చి చూడవచ్చు. అవ్వకు ఇప్పుడు నేల మీద కూర్చోవడం కష్టం. నేను వెళ్లేసరికి ఆ పదహారు అంగుళాల బండ మీద కూర్చుని ఉన్నారు. అక్కడి నుంచి వంటిల్లు, దొడ్డి రెండూ కనపడతాయి, దొడ్డి వాకిలి నుంచి గాలి వస్తుంది. "సంగటి వేళకు లేచి ఇస్తానులే" అన్నారు.